ప్రతి సైజూ 84 కుట్టిస్తే

*అన్నా, మాది దేవరకొండలో చిన్న పుస్తకాల, యూనిఫాం షాపు. నిరుడు ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు డ్రెస్సు మార్చి, మా దగ్గర దొరుకుతదని తల్లిదండ్రులకు చెప్పిండ్రు. నర్సరీ నుంచి టెన్త్ దాకా 420 మంది పిల్లలు. మనిషికి రెండు జతలని 840 చెక్స్ చొక్కాలు, 22 నుంచి 40 దాకా ప్రతి సైజూ 84 చొప్పున కుట్టించిన. 252 మిగిలినయ్. పుస్తకాలు 420 సెట్లు తెస్తే 58 మిగిలినయ్, అందులో ఐదో తరగతివే 14. చొక్కా ఒక్కోటి 210 పడ్డది. పైసలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. పబ్లిషరేమో సెట్లు వాపసు తీసుకోనంటుండు. మిగిలిన చొక్కాల సైజుల చీటీ ఇందులో పెడుతున్న. ఈసారి ఎంత తెప్పియ్యాలె? మిగిలింది ఏం చెయ్యాలె? టెన్షన్‌తో నిద్ర పడతలేదు.*
*— ఒక చెల్లె, దేవరకొండ*

చెల్లెమ్మా, మీ చీటీ ముందు పెట్టుకొనే ఇది రాస్తున్నాను. 22లో 51, 24లో 22, 26లో 4 మిగిలాయి. 28, 30, 32లో సున్నా. 34లో 6, 36లో 31, 38లో 62, 40లో 76. మొత్తం 840 ఎక్కువే, కానీ మిమ్మల్ని ముంచింది ఆ 840 కాదు. 84 అనే అంకెను పదిసార్లు రాయడం ముంచింది.

మధ్యలో ఉన్న మూడు సున్నాలు చూసి ఆ సైజులు బాగా పోయాయని మీరు సంతోషపడి ఉంటారు. నాకు మాత్రం 76 కంటే ఆ సున్నాలే ఎక్కువ గుచ్చుకున్నాయి. సైజు 30లో 84వ చొక్కా అమ్ముడుపోయాక ఇంకో తల్లి వచ్చి అడిగి, లేదంటే వెళ్లిపోయింది. ఆమె చొక్కా ఒక్కటే వదిలేసి పోలేదు. ప్యాంటు, టై, బెల్టు, సాక్సులు అన్నీ ఇంకో దుకాణంలో తీసుకుంది. అలా ఎంతమంది వెళ్లారో మీ చీటీలో లేదు, మీకూ గుర్తుండదు. నల్గొండ ప్రకాశం బజార్‌లో ఇరవై రెండేళ్లు షాపు నడిపినప్పుడు గల్లాపెట్టె పక్కన ఒక నలభై పేజీల నోట్‌బుక్ పెట్టుకునేవాణ్ని. దానికి మావాళ్లు ‘లేదు పుస్తకం’ అని పేరు పెట్టారు. ఎవరికి ‘లేదు’ అని చెప్పినా ఆ సైజు ఎదుట ఒక గీత. సీజన్ అయ్యాక అమ్మకాల బిల్లులకు ఈ గీతలు కలిపితేనే అసలు గిరాకీ తెలుస్తుంది. ఈ జూన్ నుంచి మీరూ ఒకటి పెట్టండి. వచ్చే ఏడాది లెక్కకు నా అంచనాలకంటే మీ గీతలు నమ్మకం.

ఇక సైజులు. మన వైపు చిన్న టౌన్లలో ప్రైవేటు బడి కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. నర్సరీ నుంచి నాలుగో తరగతి దాకా ఒక్కో క్లాసులో నలభై మంది ఉన్న చోట, తొమ్మిది, పది తరగతుల్లో పదిహేను, ఇరవై మందే కనబడతారు. నాలుగు దాటగానే గురుకులాలకు పోతారు. ఐదు అయ్యాక మోడల్ స్కూలు, అదృష్టం ఉంటే చలకుర్తి నవోదయ. పైగా టెన్త్ పిల్లలు కొత్త డ్రెస్సు కొనరు. ఇంకొక్క ఏడాదే కదా అని తొమ్మిదో తరగతి చొక్కాతోనే లాగించేస్తారు. అందుకే 38, 40 సైజుల్లో అన్ని మిగిలాయి. 22 మిగలడానికి కారణం వేరు. నర్సరీ పిల్లకు రెండు జతలు కొనే తల్లి తక్కువ. ఒక జత కొని, రెండోదానికి ఇంట్లో ఉన్న గౌనే వేసి పంపుతుంది, నర్సరీ టీచర్ కూడా ఏమీ అనదు.

ఈ ఏడాది ఎంత అనే ప్రశ్నలో ఇంకో గుంట ఉంది. నిరుడు 588 చొక్కాలు అమ్మారు కాబట్టి ఈసారి ఓ 600 అని మీ మనసులో ఉండొచ్చు. కానీ నిరుడు డ్రెస్సు మారిన ఏడాది. పాతది పనికిరాదు గనుక పాత పిల్లలు కూడా అందరూ కొన్నారు. రెండో ఏడాది అది ఉండదు. నిరుటి చొక్కా బాగానే ఉంటుంది, లేదంటే అన్నది తమ్ముడికి వస్తుంది. యూనిఫాం వ్యాపారంలో కొత్తవాళ్లు మునిగేది మొదటి ఏడాది కాదు, మొదటి ఏడాది అమ్మకం చూసి రెండో ఏడాది తెప్పించినప్పుడు.

మీ బడికే లెక్క కట్టి చూపిస్తాను. 420 మందిలో ఈసారి కొత్తగా చేరేవాళ్లు 90 మంది అనుకుందాం. ఆ అంకె బడి ఆఫీసులో అడిగి సరిచేసుకోండి. వాళ్లకు రెండేసి లెక్కన 180 చొక్కాలు. మిగతా 330 మంది పాతవాళ్లలో పదిమందికి ఆరుగురు ఒక్కో చొక్కా కొంటారని నా అనుభవం, అంటే 198. మొత్తం 378, లెక్కకు 380 అనుకుందాం. దాన్ని పిల్లల తీరును బట్టి పంచితే 22కు 40, 24కు 60, 26కు 66, 28కు 62, 30కు 48, 32కు 38, 34కు 28, 36కు 20, 38కు 12, 40కు 6 వస్తాయి. ఇందులోంచి మీ దగ్గర ఉన్నవి సైజువారీగా తీసేయండి. 22, 36, 38, 40లో ఒక్కటి కూడా కొనక్కర్లేదు. 24లో 38, 26లో 62, 28లో 62, 30లో 48, 32లో 38, 34లో 22 కావాలి. అన్నీ కలిపితే 270. నిరుడు 840 కుట్టించిన చోట ఈసారి 270. మీ అంకెలు మారినా, తీసివేత మాత్రం సైజువారీగానే చేయండి. మొత్తం మీద ‘380లోంచి 252 పోతే 128’ అని లెక్కేస్తే జూన్ 12న బడి తెరిచే నాటికి మళ్లీ 28, 30, 32 అయిపోయి ‘లేదు’ అంటూ కూర్చుంటారు.

ఈ పంపకం మీ బడికి సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి ఒక పని ఉంది. ఏప్రిల్‌లో బడికి సెలవులు ఇచ్చేముందు హెడ్‌మాస్టర్‌ను అడిగి ఒక్క పూట వెళ్లండి. సంచిలో ప్రతి సైజు చొక్కా ఒక్కోటి పట్టుకెళ్లండి. క్లాసుకు ఐదుగురు పిల్లల్ని, పొడుగూ పొట్టీ కలిసేలా, పిలిచి తొడిగి చూడండి. టేపు పెట్టి కొలిచేకంటే ఇది మేలు, ఎందుకంటే రేపు షాపులో తల్లి చేసేదీ అదే. కానీ ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పిల్లవాడికి 28 సరిగ్గా సరిపోతే తల్లి 30 కొంటుంది. ‘పెరిగే పిలగాడు, ఏడాదంతా రావాలె’ అంటుంది. భుజం జారినా, చేతులు మోచేయి దాటినా ఆమెకు ఫర్వాలేదు. అందుకని బడిలో తొడిగి రాసుకున్న సైజులన్నిటినీ ఏడో తరగతి దాకా ఒక మెట్టు పైకి జరపాలి. ఇది తెలియక నేను మొదటి రెండేళ్లు 26లు మిగుల్చుకొని, 30ల కోసం హైదరాబాద్‌కు బస్సులో తిరిగాను.

ఆ 270 కూడా ఒకేసారి కుట్టించొద్దు. మూడింట రెండు వంతులు, అంటే 180 చొక్కాలు, ఏప్రిల్ నడుమ ఆర్డర్ ఇచ్చి మే 20 కల్లా షాపులో దించుకోండి. హైదరాబాదైనా షోలాపూరైనా కుట్టే యూనిట్లు మే నెలలో ఊపిరాడకుండా ఉంటాయి. జూన్‌లో మళ్లీ ఫోన్ చేస్తే సరుకు జూలైలో వస్తుంది, అప్పటికి పిల్లలు కొనేసి ఉంటారు. అందుకే మిగిలిన 90 చొక్కాలకు చొక్కాలు కాదు, బట్ట తెచ్చి పెట్టుకోండి. బట్టకు సైజు ఉండదు. 58 అంగుళాల పన్నా బట్టయితే సైజు 28 పొట్టి చేతుల చొక్కాకు మీటరు లోపే పడుతుంది. కాబట్టి ఎనభై, తొంభై మీటర్లు చాలు. జూన్ మూడో వారంలో ఏ సైజు అయిపోతోందో చూసి, ఊళ్లో మీకు తెలిసిన టైలర్‌తో పది పదిహేను చొప్పున కుట్టించుకోవచ్చు. కుట్టుకూలీ కొంచెం ఎక్కువే అవుతుంది, కానీ బీరువాలో కూర్చునే చొక్కా ఖర్చు కంటే తక్కువ. ఒక్క జాగ్రత్త: ఈ బట్ట, యూనిట్‌లో కుట్టే చొక్కాల బట్ట ఒకే లాట్‌లోంచి రావాలి. లాట్ మారితే నీలం గడి ఒక వన్నె తేడాగా వస్తుంది. షాపులో ట్యూబ్‌లైట్ కింద తెలియదు. ప్రేయర్‌లో పిల్లలు వరుసగా నిలబడితే తెలుస్తుంది, మర్నాడు పొద్దున్నే తల్లులు మీ షాపు ముందు ఉంటారు.

ఇంకో మార్పు ఈసారి నుంచే చేయండి. జేబు మీద బడి గుర్తు ఎంబ్రాయిడరీ చేయించడం ఆపేయండి. గుర్తును విడి బ్యాడ్జీలుగా చేయించి పెట్టుకొని, చొక్కా అమ్మినప్పుడు పక్కనే మిషన్ మీద జేబుకు కుట్టివ్వండి. రెండు నిమిషాల పని. గుర్తు లేని చొక్కా రేపు ఇంకో బడికీ పోతుంది, ఇంకో ఊరి షాపుకూ పోతుంది. గుర్తు పడ్డ చొక్కాకు ఒక్కటే గిరాకీ, అదీ ఆ బడి మనసు మారేదాకే. ప్యాంట్లు, స్కర్టుల గురించి మీరు రాయలేదు. అవి ఒకే రంగు నేవీ బ్లూనో బూడిద రంగో అయితే వాటికి పెద్ద భయం లేదు, ఏ బడికైనా పోతాయి.

బడివాళ్లతో మాట కూడా ఇప్పుడే కుదుర్చుకోండి. డ్రెస్సు మార్చేటట్లయితే డిసెంబరులోనే చెప్పాలని, కనీసం మూడేళ్లు మార్చకూడదని ఒక కాగితం రాయించుకోండి. సంతకం పెట్టడానికి చాలామంది వెనకాడతారు. అలాంటప్పుడు కనీసం వాట్సాప్‌లోనైనా ఆ మాట రాతలో ఉండేలా చూసుకోండి. అయితే తల్లిదండ్రులను మీ దగ్గరే కొనాలని బడి బలవంతపెట్టేలా మాత్రం ఏ ఒప్పందమూ వద్దు. ఒకే షాపులో కొనమని ఒత్తిడి చేయకూడదని విద్యాశాఖ ఉత్తర్వులు ఉన్నాయి, ఎవరో ఒకరు డీఈఓకు కాగితం పెడితే నడిసీజన్‌లో మీ పేరే బయటికి వస్తుంది. దానికి తగ్గట్టే 420 మందీ మీ గిరాకీ అనుకోవడం కూడా మానేయండి. ఆ పదిలో ఆరుగురి లెక్కలో ఇది కూడా కలిసే ఉంది.

పుస్తకాల తంటా వేరు. వాటికి సైజు లేదు, కానీ పిల్లలు ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు అంతమందే పోతారనుకోవడం అక్కడి తప్పు. నిరుడు నాలుగో తరగతిలో 42 మంది ఉన్నారని ఐదో తరగతికి 42 సెట్లు తెచ్చి ఉంటారు. అమ్ముడుపోయింది 28. మిగతా 14 మంది ఎక్కడికి పోయారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గురుకులాల్లో పిల్లల్ని ఎక్కువగా చేర్చుకునేది ఐదో తరగతిలోనే. మన సర్వేల్‌లో 1971లో మొదటి గురుకులం పెట్టినప్పటి నుంచి ఉమ్మడి నల్గొండ జిల్లాలో తల్లిదండ్రులకు ఆ సీటు మీద ఉన్న ఆశ వేరే. అందుకని నాలుగో తరగతి టీచర్‌ను నేరుగా అడగండి: ‘గురుకులం పరీక్ష ఎంతమంది రాసిండ్రు?’ ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది. ఈసారి నాలుగులో 40 మంది ఉండి 22 మంది రాశారనుకోండి. రాయని 18 మందికీ పూర్తిగా, రాసినవాళ్లలో సగానికీ, అంటే 29 సెట్లు తెప్పించండి. సీట్ల జాబితాలు ఒకేసారి రావు, ఒకటి తర్వాత ఒకటి వస్తుంటాయి. కాబట్టి మీ దగ్గర సెట్టు కొన్నాక టీసీ తీసుకొని, పుస్తకాలు వాపసు పట్టుకొచ్చేవాళ్లూ ఉంటారు. దానికి ముందే ఒక తేదీ పెట్టుకోండి. పేరు రాయకుండా, అట్ట వేయకుండా జూలై 15 లోపు తెస్తే తీసుకుంటామని బిల్లు మీదే అచ్చు వేయించండి. లేకపోతే ఆగస్టులో అట్టమీద పిల్ల పేరుతో వచ్చిన పుస్తకం గురించి కౌంటర్ దగ్గర గొడవ పడాల్సి వస్తుంది. ఆరో తరగతికి కూడా మోడల్ స్కూలు పరీక్ష రాసినవాళ్లతో ఇదే లెక్క. మిగతా క్లాసులకు ఇంత లెక్క అక్కర్లేదు, కింది క్లాసు సంఖ్యలోంచి ఇద్దరు ముగ్గుర్ని తగ్గించి తెచ్చుకోండి.

పబ్లిషర్ వాపసు తీసుకోనన్నాడని రాశారు. ‘సెట్లు’ వాపసు ఇస్తానన్నారు, చిక్కు అక్కడే ఉంది. సెట్టులో తొమ్మిది పుస్తకాలుంటే అవన్నీ ఒక్క పబ్లిషర్‌వి కావు. ముందు ఆ 58 సెట్ల కవర్లు చింపి పుస్తకాలన్నీ విడదీయండి. నేల మీద చాప పరిచి పబ్లిషర్‌కో కుప్ప పెట్టండి. అప్పుడు మీ దగ్గర 58 సెట్లు కాదు, ఒకాయనవి 140, ఇంకొకాయనవి 90, అలా కనబడతాయి. ప్రభుత్వ సిలబస్ పుస్తకాలు పక్కన పెట్టండి. అవి మారేదాకా చెల్లుతాయి, వచ్చే జూన్‌కు తీసుకుపోవచ్చు. పుస్తకం పోగొట్టుకున్న పిల్లలకు విడిగానూ అమ్మొచ్చు. ఇక ప్రైవేటు పబ్లిషర్ దగ్గరికి ఫోన్‌లో కాదు, ఈ ఏడాది ఆర్డర్ కాగితం పట్టుకొని వెళ్లండి. వాపసు గడువు దాటిపోయినా, కొత్త ఆర్డర్ చేతిలో పెట్టి ‘ఈ 140లో మీరు మళ్లీ ఇచ్చే టైటిల్స్ ఎన్ని ఉంటే అన్నీ ఇందులోంచి తగ్గించండి’ అంటే కాదనేవాడు తక్కువ. మీకు కావలసింది డబ్బు వాపసు కాదు, కొత్త బిల్లులో కోత. ఏజెంట్లకు ఏప్రిల్ ఆర్డర్ మీదే టార్గెట్ ఉంటుంది, మీ బలం ఏప్రిల్ దాకే.

కొత్త బిల్లు మీద మాత్రం ఈసారి వాపసు నిబంధన రాయించండి. మొత్తం ఆర్డర్‌లో ఎంత శాతం, ఏ తేదీ లోపు, లారీ కిరాయి ఎవరిది, ఇచ్చేది నగదా క్రెడిట్ నోటా అన్నది ఉండాలి. ఏజెంట్ నోటిమాటగా ‘చూసుకుందాం మేడం’ అంటాడు. జూలైలో ఆ ఏజెంటే మారిపోతాడు. నాకు అలా ఒక పబ్లిషర్ దగ్గర రెండేళ్ల బాకీ ఇరుక్కుంది. అడిగితే కొత్త ఏజెంట్ ‘మీకు ఎవరు చెప్పారు సార్?’ అన్నాడు. బడి పేరు అట్టమీద అచ్చువేసిన నోట్‌బుక్స్, డైరీలు ఎవరూ వాపసు తీసుకోరు. అవి అంచనాకు పదో వంతు తక్కువే తెప్పించండి.

ఉంచుకునే పుస్తకాల విషయంలో ఒక హెచ్చరిక. సీబీఎస్‌ఈ బడికి కూడా ఇస్తుంటే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చే ఏడాదికి దాచే ముందు రెండుసార్లు ఆలోచించండి. 2024లో మూడు, ఆరు తరగతులకు, 2025లో నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది తరగతులకు కొత్త పుస్తకాలు వచ్చాయి. ఆరో తరగతి పాతవి నా దగ్గర పంతొమ్మిది సెట్లు మిగిలాయి. మారతాయని వింటూనే, ఈ ఏడాదికి మార్చరులే అని నా ఆశకొద్దీ దాచాను. చివరికి కిలోల లెక్కన చిత్తుకాగితాలకు వేశాను. అలాగే ఎవరైనా ప్రభుత్వ పుస్తకాలు సగం ధరకు ఇస్తామని వస్తే అట్ట తిప్పి చూడండి. ‘ఉచిత పంపిణీ’ అని ఉంటే అవి సర్కారు బడి పిల్లలవి. అమ్మితే కేసు మీ మీద.

ఇప్పుడు మళ్లీ ఆ 252 చొక్కాల దగ్గరికి వద్దాం. ముందు వడ్డీ చూడండి. 210 రూపాయల చొక్కాకు నూటికి రెండు రూపాయల లెక్కన నెలకు నాలుగు రూపాయల ఇరవై పైసలు, ఏడాదికి 50 రూపాయలు. అంటే బీరువాలో రెండేళ్లు ఉంచిన చొక్కా మీకు 310 పడ్డట్టు. సైజు 40కి ఏడాదికి ఆరు గిరాకీ. 76 ఉన్నాయి. అవన్నీ అసలు ధరకే అమ్మాలనుకుంటే పన్నెండేళ్లు కావాలి. అప్పటికి ఆ బడి ఉంటుందో లేదో, మీరూ నేనూ చెప్పలేం. కాబట్టి రెండేళ్ల గిరాకీకి సరిపడా ఉంచుకొని మిగతావి వదిలించుకోవాలి. 40లో 12 ఉంచి 64, 38లో 24 ఉంచి 38, మొత్తం 102 చొక్కాలు బయటికి పోవాలి. 22 సైజు 51 ఈ జూన్‌లోనే చాలావరకు పోతాయి. 36లో ఈ ఏడాది గిరాకీకి 20 పోగా 11 ఎక్కువ ఉన్నాయి కదా, వాటిని టైలర్‌తో పక్క కుట్లు, భుజం విప్పించి 34 చేయించండి. అప్పుడు 34లో కొత్తగా 22 బదులు 11 కుట్టిస్తే చాలు. 38ని కూడా 34 చేయొచ్చని టైలర్ అంటాడు, ఒప్పుకోకండి. కాలరు తగ్గదు. టై కట్టగానే మెడ చుట్టూ వేలు దూరేంత సందు కనబడుతుంది.

ఆ 102కు దారి ఇది. ముందు కుట్టిచ్చిన యూనిట్‌నే అడగండి. అదే గడి బట్ట వాళ్లు ఇంకో ఊరి బడికి ఇస్తుండొచ్చు. తర్వాత మిర్యాలగూడ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు మీలాంటి షాపువాళ్లకు చొక్కా ఫోటో పంపండి. వాళ్లకు 40లు అయిపోయి 30లు మిగిలి ఉంటే డబ్బు లేకుండానే మార్చుకోవచ్చు. ఇద్దరికీ లాభమే. దీనికి మీ జేబు మీద ఉన్న గుర్తు అడ్డం. ఎంబ్రాయిడరీ విప్పితే సూది రంధ్రాలు కనబడతాయి, అది వద్దు. జేబునే ఊడదీసి, మీరు తెప్పించిన తాను బట్టతో కొత్త జేబు వేయించండి. అరచేయంత ముక్క, పది పదిహేను రూపాయల కుట్టు. అప్పుడు ఆ చొక్కా ఉత్త గడి చొక్కా. ఇంకా మిగిలినవి హోటళ్లకు, ఫంక్షన్ హాల్ కేటరింగ్ వాళ్లకు, పెట్రోల్ బంకులకు ఇవ్వండి. 38, 40 అంటే సన్నగా ఉండే కుర్రవాళ్లకు సరిపోతాయి. వందకు పోయినా ఇచ్చేయండి. అందులో నష్టం 110, కానీ వడ్డీ అక్కడితో ఆగుతుంది.

మధ్య సైజులు, ఈ ఏడాది మిగిలితే, జూలైలో తగ్గించి అమ్మొద్దు. జూన్‌లో పూర్తి ధర ఇచ్చిన తల్లి పక్కింట్లోనే ఉంటుంది. పైగా మన దగ్గర రెండో గిరాకీ ఒకటుంది. జూన్ అంటే రైతుకు పత్తి గింజలు, ఎరువులు కొనే నెల. అందుకే అప్పుడు ఒక జతతో సరిపెడతారు. పత్తి అమ్ముకున్నాక, దీపావళి దాటి సంక్రాంతి లోపు, మోకాలు చిరిగిన ప్యాంటు పట్టుకొని రెండో జతకు వస్తారు. దానికి 26 నుంచి 32 దాకా సైజుకు పదైనా ఉండాలి. తెల్లవి, శనివారం డ్రెస్సులు మాత్రం అప్పటిదాకా ఆపలేరు. మడత మీద పసుపు గీత పడుతుంది, ఉతికినా పోదు. అవి మిగిలితే ముందు అవే అమ్మండి.

చివరికి కొన్ని ఎవరికైనా ఊరికే ఇద్దామని మీకు అనిపించొచ్చు. మీకు రెగ్యులర్ జీఎస్టీ ఉంటే ఒక మెలిక ఉంది. ఉచితంగా ఇచ్చిన సరుకు మీద మీరు ముందే తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ తిరిగి కట్టాలి. పుస్తకాలకు పన్ను లేదు కాబట్టి వాటికి ఈ బాధ లేదు. చొక్కాలకు 5 శాతం ఉంది. 210లో పన్ను పది రూపాయల లెక్క, పది చొక్కాలకు వంద. అది భరించగలిగితే ఇవ్వండి, లేదంటే నామమాత్రం ధరకు బిల్లు వేసి ఇవ్వండి, మీ ఆడిటర్‌కు ముందు ఒకసారి చెప్పి. ఈ వారం మాత్రం ఆ 58 సెట్ల కవర్లు చింపడంతో మొదలుపెట్టండి. పబ్లిషర్ ఏజెంట్ మార్చిలో మీ వైపు వస్తాడు, అప్పటికి కుప్పల లెక్క మీ చేతిలో ఉండాలి.